కొత్త సూచిక చేర్చాలంటే కోడ్‌ను కాక సెట్టింగ్స్ ఫైలును మాత్రమే మార్చేలా రిఫ్రెష్‌ను ఎలా మలచాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మా చిన్న అధ్యయన బృందం దక్షిణాసియాలోని ఎనిమిది దేశాల అభివృద్ధి సూచికలను ఒక డ్యాష్‌బోర్డులో చూపిస్తుంది. గణాంకాలన్నీ ప్రపంచ బ్యాంకు ఏపీఐ నుంచి వస్తాయి. ప్రతి ఆదివారం రాత్రి ఒక పైథాన్ ప్రోగ్రాము నడిచి, వాటిని తెచ్చి పోస్ట్‌గ్రెస్‌లో చేరుస్తుంది. మొదట్లో మూడే సూచికలు ఉండేవి కనుక ఒక్కోదానికి ఒక్కో ఫంక్షన్ రాశాను. ఇప్పుడు అవి పద్నాలుగయ్యాయి. ఎవరైనా కొత్త సూచిక అడిగినప్పుడల్లా పాత ఫంక్షన్‌ను కాపీ చేసి, అందులో సూచిక కోడ్ మార్చి, పట్టికలో ఒక కాలమ్ చేర్చి, డ్యాష్‌బోర్డులో పేరు రాయవలసి వస్తోంది.

ఇంతకుముందు ఇలా కాపీ చేసినప్పుడు ఒకచోట కాలమ్ పేరు మార్చడం మరచిపోయాను. శిశు మరణాల సంఖ్యలు వెళ్ళి ఆయుర్దాయం కాలమ్‌లో పడ్డాయి. మాల్దీవులలో సగటు ఆయుర్దాయం ఐదారేళ్ళని డ్యాష్‌బోర్డు చూపిస్తుంటే మా సహోద్యోగి గమనించి చెప్పారు. ఆ రోజు నుంచి ఈ పద్ధతి మార్చాలని పట్టుదలగా ఉంది. సూచికల వివరాలన్నీ ఒక యామల్ ఫైలులో పెట్టి, కోడ్ దానిని చదివి పని చేసేలా రాయాలనుకుంటున్నాను. ఆ ఫైలులో ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు? ప్రస్తుతం ప్రతి ఫంక్షన్ పిలిచే చిరునామా ఇలా ఉంటుంది.

```
https://api.worldbank.org/v2/country/AFG;BGD;BTN;IND;MDV;NPL;PAK;LKA/indicator/SP.DYN.LE00.IN?format=json&mrv=5
```

మిరపతోట

మీరు వాడే డ్యాష్‌బోర్డు ఏదో చెప్పలేదు గానీ, చాలా వాటిలో రిఫ్రెష్ వ్యవధిని నిర్ణయించే అమరిక సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. మేము దానిని పదిహేను నిమిషాలకు పెట్టుకున్నాము, కోడ్ ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. మీరు కూడా ముందు దానిని చూడండి.

గోదారిగట్టు

మిరపతోట గారూ, ధన్యవాదాలు. అయితే నా ప్రశ్న డ్యాష్‌బోర్డు ఎంత తరచుగా తాజా అవుతుందన్నది కాదు. దాని వెనుక ఉన్న పట్టికలోకి గణాంకాలను తెచ్చే ప్రోగ్రాము గురించి అడుగుతున్నాను. ఏ సూచికలను తేవాలన్నది కోడ్‌లో కాకుండా ఫైలులో ఉండాలన్నదే నా ఉద్దేశం.

పాతపలుగు

గోదారిగట్టు గారూ, ఫైలు సంగతికి ముందు పట్టిక సంగతి తేల్చుకోవాలి. మీ పట్టికలో ఒక్కో సూచికకు ఒక్కో కాలమ్ ఉన్నంతకాలం, ఎంత చక్కటి సెట్టింగ్స్ ఫైలు రాసుకున్నా, కొత్త సూచిక వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టిక నిర్మాణాన్ని మార్చక తప్పదు. కాబట్టి ముందుగా దానిని నిలువుగా మార్చండి. సూచిక, దేశం, సంవత్సరం, విలువ అనే నాలుగు కాలమ్‌లు చాలు. మొదటి మూడూ కలిసి ప్రైమరీ కీ అవుతాయి. అప్పుడు పదిహేనో సూచిక రావడమంటే కొన్ని కొత్త వరుసలు రావడమే తప్ప పట్టిక ఆకారం మారడం కాదు. మాల్దీవుల పొరపాటుకు అసలు మూలం కూడా అదే. కాలమ్ పేరును ప్రతిసారీ చేతితో రాయవలసి రావడం వల్లే అది తప్పింది. డ్యాష్‌బోర్డుకు పాత ఆకారమే కావాలంటే పట్టిక మీద ఒక వ్యూ కట్టి ఇవ్వవచ్చు.

ఇక ఫైలులో ఒక్కో సూచికకు నేనైతే ఇంతే రాస్తాను.

```yaml
metrics:
  - id: life_expectancy
    source_code: "SP.DYN.LE00.IN"
    label: "సగటు ఆయుర్దాయం"
    unit: "సంవత్సరాలు"
    decimals: 1
    start_year: 1990
    valid_range: [30, 95]
```

ఇందులో `id` మనది, `source_code` వాళ్ళది. ఈ రెండింటినీ వేరుగా ఉంచడం చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్ళ కోడ్ ఎప్పుడైనా మారవచ్చు. మన పట్టికా మన డ్యాష్‌బోర్డూ మాత్రం `id`నే నమ్ముకుని ఉంటాయి. `valid_range` అనేది దక్షిణాసియాకు తగినట్టు మీరే పెట్టుకునే హద్దు. అది ఉండి ఉంటే మాల్దీవుల ఆయుర్దాయం ఐదారేళ్ళన్నప్పుడు ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయేది, మీ సహోద్యోగి కన్ను పడేవరకు ఆగవలసిన పని ఉండేది కాదు.

ఎలా తేవాలి, తప్పిపోతే మళ్ళీ ఎన్నిసార్లు ప్రయత్నించాలి, పట్టికలోకి ఎలా చేర్చాలి అన్నవి ఫైలులోకి రాకూడదు. అవి అన్ని సూచికలకూ ఒకటే కనుక కోడ్‌లోనే ఉండాలి. ఒక సూచికకూ మరొక సూచికకూ తేడాగా ఉండే విషయం మాత్రమే ఫైలులో ఉండాలన్నది నేను పాటించే కొలమానం.

సాగరతీరం

పాతపలుగు గారు చెప్పిన నిలువు పట్టికతో ఏకీభవిస్తాను. కానీ ఫైలును ఇంకొంచెం శక్తిమంతం చేయవచ్చు. మా దగ్గర లెక్కించవలసిన సూచికలు చాలా ఉన్నాయి. ఉదాహరణకు స్త్రీ పురుషుల ఆయుర్దాయాల మధ్య తేడా కావాలంటే ఫైలులో `formula: "female - male"` అని రాస్తాము, కోడ్ దానిని `eval`తో లెక్కిస్తుంది. ఇప్పుడు ఏ సూచికకూ కోడ్ మార్చే పనే లేదు. సెట్టింగ్స్ ఫైలు పెట్టుకున్న ఫలితం పూర్తిగా దక్కాలంటే సూత్రాలు కూడా అందులోనే ఉండాలి.

పాతపలుగు

సాగరతీరం గారూ, లెక్కించిన సూచికలకు కూడా ఫైలులో చోటుండాలన్న మీ మాట సరైనదే. కానీ `eval` దగ్గర నేను ఆగుతాను. ఆ ఫైలును సవరించగలిగిన ప్రతి ఒక్కరూ మీ సర్వరు మీద ఏ పైథాన్ వాక్యమైనా నడపగలుగుతారన్నది ఒక సంగతి. దానికంటే రోజువారీగా బాధించేది మరొకటి ఉంది. సూత్రం ఫైలులోకి వెళ్ళిన క్షణం నుంచి అది కూడా కోడే, కాకపోతే పరీక్షలు లేని కోడ్. ఒక దేశానికి ఒక సంవత్సరంలో పురుషుల విలువ లేకపోతే ఆ తేడా ఎంత? సున్నాతో భాగించవలసి వస్తే ఏమిటి? ఈ జవాబులన్నీ ఒక్కొక్కటిగా సూత్రంలోకి చేరి, కొన్నాళ్ళకు యామల్‌లో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారవుతుంది, దానిలో తప్పు వెతకడానికి ఏ సాధనమూ ఉండదు.

లెక్కింపు పద్ధతిని కోడ్‌లో ఒక ఫంక్షన్‌గా రాసి, దానికి పరీక్షలు పెట్టి, ఫైలులో దాని పేరు మాత్రం చెప్పడం నాకు నచ్చిన మార్గం.

```yaml
  - id: life_gap
    transform: difference
    inputs: ["SP.DYN.LE00.FE.IN", "SP.DYN.LE00.MA.IN"]
```

`difference` అనే పేరు కోడ్‌కు తెలిసిన జాబితాలో లేకపోతే ప్రోగ్రాము మొదలవకూడదు. ఇప్పటివరకు ఎవరూ అడగని రకం లెక్కింపు కావలసినప్పుడు కోడ్ మార్చవలసిందే, అందులో ఓటమి ఏమీ లేదు. పదింటిలో తొమ్మిది సూచికలు ఫైలుతో సరిపోతే, పదోదానికి కోడ్ రాయడమే న్యాయం.

సాగరతీరం

ఫైలును సవరించేది మేమిద్దరమే కనుక భద్రత విషయంలో నాకు అంత భయం లేదు. అయితే లేని విలువల గురించి మీరన్నది నిజం. మా సూత్రాలలో ఇప్పటికే నాలుగింటిలో `if` చేరింది. ఆలోచిస్తాను.

రాత్రిషిఫ్టు

యామల్ గురించి నాకు ఎదురైన ఒక అనుభవం చెప్పాలి, కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివస్తుంది. నేను పనిచేసే కర్మాగారంలో విద్యుత్ వినియోగపు లెక్కలను రోజుకు రెండుసార్లు తాజా చేస్తాము. ప్రతి లెక్కకూ సమయం ఫైలులోనే ఉంటుంది. ఉదయానికి `06:30` అనీ, సాయంత్రానికి `18:30` అనీ కొటేషన్ గుర్తులు లేకుండా రాశాను. ఉదయం లెక్క రోజూ ఠంచనుగా వచ్చింది. సాయంత్రం లెక్క తొమ్మిది రోజులపాటు రాలేదు, ఎక్కడా దోషం కూడా కనిపించలేదు.

చివరికి చదివిన విలువను తెరమీద ముద్రించి చూస్తే `06:30` అక్షరాలుగానే ఉంది, `18:30` మాత్రం 1110 అనే సంఖ్య అయిపోయింది. `PyYAML` పాటించే యామల్ 1.1 నియమాలలో, సున్నా కాని అంకెతో మొదలై మధ్యలో కోలన్ ఉన్న సంఖ్యను అరవై ఆధారంగా లెక్కిస్తారట. 18ని 60తో గుణించి 30 కలిపితే వచ్చేది అదే 1110. ఉదయపు సమయం సున్నాతో మొదలైంది కాబట్టి బతికిపోయింది. మా కోడ్ గడియారపు అక్షరాలను ఆ సంఖ్యతో పోల్చి, రెండూ సమానం కావని ప్రతిసారీ నిశ్శబ్దంగా ముందుకు వెళ్ళిపోయేది. అప్పటి నుంచి అక్షరాలుగా ఉండవలసిన ప్రతిదానికీ కొటేషన్ గుర్తులు పెడుతున్నాను.

పాతపలుగు

ఇది చాలా విలువైన ఉదాహరణ. దీనికి తోబుట్టువు వంటిది మరొకటి ఉంది. నార్వే దేశానికి రెండక్షరాల కోడ్ `NO`. కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే అదే `PyYAML` దానిని 'కాదు' అనే తార్కిక విలువగా చదువుతుంది. అలాగే ఒకే పేరుతో రెండు కీలు రాస్తే మొదటిదానిని మౌనంగా వదిలేసి రెండోదానిని తీసుకుంటుంది. ఒక సూచికను కాపీ చేసి పేరు మార్చడం మరచిపోయేవారికి ఇది సరిగ్గా పొంచి ఉండే గొయ్యి. నేను పైన సూచికలను జాబితాగా రాసి, `id`ని లోపల పెట్టింది అందుకే. జాబితాలో రెండూ మిగులుతాయి కనుక, ఒకే `id` రెండుసార్లు వచ్చిందని మనం చూసి ఆపగలము.

కొటేషన్ గుర్తుల అలవాటు మంచిదే, కానీ అలవాటు మీద మాత్రమే ఆధారపడకూడదు. ఫైలు చదివిన వెంటనే, నెట్‌వర్కు ముట్టుకోకముందే, మొత్తం ఫైలును ఒక నమూనాతో సరిచూడాలి. ప్రతి విలువా ఉండవలసిన రకంలోనే ఉందా, తెలియని కీ ఏదైనా ఉందా అన్నది చూడాలి. తెలియని కీని సహించకూడదని నొక్కి చెబుతున్నాను. `start_year` బదులు `start_yaer` అని ఎవరో రాస్తే, సహించే కోడ్ దానిని పట్టించుకోకుండా తన సొంత అప్రమేయ సంవత్సరంతో నడిచిపోతుంది. `pydantic` వాడేవారు `extra="forbid"` అని పెట్టుకుంటే ఇది అక్కడే ఆగుతుంది.

గోదారిగట్టు

పది రోజుల తరువాత తిరిగి వచ్చాను. పట్టికను నిలువుగా మార్చాను, పద్నాలుగు సూచికలూ ఫైలులోకి వెళ్ళాయి, పద్నాలుగు ఫంక్షన్ల చోట ఒకే లూప్ మిగిలింది. నిన్న మొదటిసారిగా, కోడ్ ముట్టుకోకుండా, పదిహేనో సూచికగా ఐదేళ్ళలోపు పిల్లల మరణాల రేటును ఫైలులో చేర్చాను. రిఫ్రెష్ ఏ దోషమూ లేకుండా ముగిసింది. కానీ ఆ గ్రాఫులో ప్రతి దేశానికీ ఐదు బిందువులే ఉన్నాయి. మిగతా సూచికలకు 1990 నుంచి గీత కనిపిస్తోంది.

కారణం `mrv=5` అని కొంతసేపటికి అర్థమైంది. పాత సూచికల చరిత్రను ఎప్పుడో ఒకసారి చేతితో నింపాను కనుక, వారం వారం చివరి ఐదు విలువలు తెస్తే సరిపోయేది. కొత్తదానికి ఆ చరిత్ర లేదు. అందుకని `mrv=5` తీసేసి `date=1990:2024` పెట్టాను. ఇప్పుడు మరింత వింతగా ఉంది. అఫ్గానిస్తాన్ గీత పూర్తిగా వచ్చింది, బంగ్లాదేశ్‌ది 2010 నుంచి మాత్రమే వచ్చింది, భారత్ సహా మిగతా ఆరు దేశాలు అసలు లేవు. పాత సూచికలు చెక్కుచెదరలేదు.

పాతపలుగు

మీకు వచ్చిన వరుసలను లెక్కపెట్టండి. సరిగ్గా యాభై ఉంటాయి. ఆ ఏపీఐ ఒక పేజీకి మనం చెప్పకపోతే యాభై వరుసలే ఇస్తుంది. `mrv=5` ఉన్నప్పుడు ఎనిమిది దేశాలకు ఐదేసి చొప్పున నలభై వరుసలే కనుక అవి మొదటి పేజీలోనే ఇమిడిపోయాయి, పేజీల సంగతి మీ కోడ్‌కు ఎన్నడూ తెలియవలసిన అవసరం రాలేదు. 1990 నుంచి 2024 వరకు ముప్ఫై ఐదు సంవత్సరాలు, ఎనిమిది దేశాలకు 280 వరుసలు. మొదటి యాభైలో అఫ్గానిస్తాన్‌వి ముప్ఫై ఐదు పోగా బంగ్లాదేశ్‌కు పదిహేను మిగిలాయి. కొత్త సంవత్సరం ముందు వస్తుంది కనుక అవి 2024 నుంచి 2010 వరకు. పాత సూచికలు బాగున్నట్టు కనిపిస్తున్నది వాటి చరిత్ర ఇప్పటికే పట్టికలో ఉన్నందువల్లే. నిజానికి వాటికి కూడా నిన్న యాభై వరుసలే తాజా అయ్యాయి.

జవాబులో మొదటి భాగం చూస్తే `pages` విలువ 6 అని ఉంటుంది. `per_page=1000` అని అడగండి, అయినా `pages` ఒకటి కాకపోతే ఆపివేసే తనిఖీని కూడా ఉంచండి. దేశాల జాబితా పెరిగిన రోజు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక చరిత్ర విషయం. చాలామంది చివరిసారి ఎప్పుడు నడిచిందో ఒకే తేదీగా దాచుకుంటారు. సెట్టింగ్స్ ఫైలు పద్ధతిలో అది పనికిరాదు, ఎందుకంటే నిన్న పుట్టిన సూచికకు నిరుటి తేదీతో సంబంధం లేదు. ఎంతవరకు వచ్చిందన్న గుర్తు సూచికకు ఒకటి చొప్పున ఉండాలి, ఆ గుర్తు లేని సూచిక అయితే `start_year` నుంచి మొదలవ్వాలి. అయితే మీ విషయంలో ఆ గుర్తు కూడా వద్దంటాను. ప్రపంచ బ్యాంకు పాత సంవత్సరాల విలువలను కూడా సవరిస్తూ ఉంటుంది కనుక, చివరి ఐదేళ్ళే తెచ్చుకుంటే మీ పట్టికలో 2005 విలువ వాళ్ళ 2005 విలువతో ఏదో ఒకరోజు విడిపోతుంది. సూచికకు 280 వరుసలంటే ఒక పిలుపు. ప్రతి ఆదివారం మొత్తం తెచ్చి `ON CONFLICT DO UPDATE`తో రాయండి.

గోదారిగట్టు

నిజంగానే యాభై! `per_page` పెట్టిన తరువాత అన్ని దేశాలూ వచ్చాయి. పేజీల తనిఖీ కూడా చేర్చాను.

మొత్తం చరిత్రను మళ్ళీ తేవడంతో మరొక విషయం బయటపడింది. తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలకు `EN.ATM.CO2E.PC` వాడుతున్నాము. దానికి ఒక్క వరుస కూడా రావడం లేదు, అలాగని దోషమూ లేదు. బ్రౌజర్‌లో ఆ చిరునామా తెరిచి చూస్తే, ఆ సూచిక దొరకలేదనీ, తొలగించి గానీ దాచిపెట్టి గానీ ఉండవచ్చనీ సందేశం వచ్చింది. నెలల తరబడి మా డ్యాష్‌బోర్డు పాత విలువలనే చూపిస్తోందన్నమాట. పాత ఫంక్షన్‌లో ఏ దోషం వచ్చినా దాటవేసే `except` ఒకటి రాసి ఉన్నాను, దానినే కొత్త లూప్‌లోకి కూడా తెచ్చుకున్నాను.

పాతపలుగు

ఆ సందేశం 200 అనే స్థితి సంఖ్యతోనే వస్తుంది. అందుకే స్థితి సంఖ్యను మాత్రమే చూసే కోడ్‌కు అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. జవాబులో రెండు భాగాలు ఉన్నాయా, మొదటిదానిలో `message` ఉందా అన్నది చూడాలి. ఇక్కడ రెండు రకాల తప్పులను వేరు చేయండి. ఫైలులో తప్పుంటే ఏదీ నడవకూడదు. ఒక సూచికకు మూలం నుంచి జవాబు రాకపోతే మిగతా పద్నాలుగూ నడవాలి, కానీ ప్రోగ్రాము చివర ఆ సూచిక పేరు చెప్పి, విఫలమైనట్టుగా ముగియాలి. ఆ `except`ను మాత్రం ఈ రోజే తీసివేయండి.

ఆ సూచికకు బదులు ఇప్పుడు `EN.GHG.CO2.PC.CE.AR5` ఉంది. ఫైలులో `source_code` ఒక్కటి మారిస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది, నిజానికి అవ్వదు. కొత్త శ్రేణి భూ వినియోగ మార్పుల ఉద్గారాలను మినహాయిస్తుందని దాని పేరులోనే ఉంది, అది వేరే లెక్క. మీ కోడ్ ఖాళీ విలువలను వదిలేస్తుంది కనుక, కొత్త శ్రేణిలో విలువ లేని చోట పాత శ్రేణి విలువ అలాగే మిగిలి, ఒకే గీతలో రెండు లెక్కలు కలిసిపోతాయి. ప్రతి వరుసలోనూ `source_code` కూడా దాచుకోండి. ఫైలులోనిదీ పట్టికలోనిదీ వేరైతే, ఆ సూచిక పాత వరుసలన్నీ తొలగించి, కొత్తవి చేర్చడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. డ్యాష్‌బోర్డు మీద పేరు కూడా మార్చండి, చదివేవారికి తేడా తెలియాలి.

వలసపక్షి

ఇంత శ్రద్ధగా సాగుతున్న చర్చలో ఒక భిన్నాభిప్రాయం. సూచికలను చేర్చేది కోడ్ రాయని పరిశోధకులే అయితే, యామల్ ఫైలు వారికి కోడ్ అంత కష్టమే. ఖాళీ ఒకటి తేడా వచ్చినా పాడవుతుంది. మేము ఈ వివరాలను డేటాబేస్‌లోనే ఒక పట్టికగా ఉంచి, నింపడానికి ఒక చిన్న ఫారం ఇచ్చాము. రకాల తనిఖీ, ఒకే `id` రెండుసార్లు రాకుండా చూడడం వంటివి డేటాబేసే చేస్తుంది.

పాతపలుగు

వారికి ఫారం సులువే, కాదనను. కానీ ఫైలు గిట్‌లో ఉంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు `valid_range`ను సడలించారో ఒక్క చూపులో తెలుస్తుంది, చేర్చే ముందు మరొకరు చూసి ఒప్పుకోవచ్చు. పట్టికలో ఆ చరిత్రను మీరే కట్టుకోవాలి.

వలసపక్షి

కట్టుకున్నాము, ఒక ట్రిగ్గర్‌తో. అయితే ముందుగా మరొకరు చూసి ఒప్పుకునే ఏర్పాటు మా దగ్గర లేదన్నది నిజమే.

గోదారిగట్టు

మా బృందంలో గిట్ తెలిసినవారు ఇద్దరమే కనుక ప్రస్తుతానికి ఫైలుతోనే ఉంటున్నాము. నిన్న మా సహోద్యోగి, మాల్దీవుల తప్పు పట్టుకున్నవారే, నిరుద్యోగ రేటును చేర్చారు. ఏడు వరుసలు రాశారు. `unit` దగ్గర పొరపాటున `units` అని రాస్తే ప్రోగ్రాము ఆ పేరు చూపించి ఆగింది, సరిదిద్దగానే 1991 నుంచి ఎనిమిది దేశాల గీతలూ వచ్చాయి.

ఒక్క చిక్కు మిగిలింది. తరువాత వారు నెలవారీ ధరల శ్రేణి అడుగుతున్నారు. అక్కడ సంవత్సరం బదులు `2020M01` అని వస్తుంది, నా పట్టికలో సంవత్సరం పూర్ణాంకం. ఆ కాలమ్‌ను తేదీగా మార్చి ఫైలులో `frequency` అని ఒకటి చేర్చాలా, లేక నెలవారీ వాటికి వేరే పట్టిక పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇదివరకు చేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాత్రిషిఫ్టు

మేము తేదీగానే ఉంచి, వార్షిక విలువలకు జనవరి 1 అని రాస్తున్నాము. పని జరుగుతోంది, కానీ ఆ జనవరి 1ని జనవరి నెల విలువగా పొరబడినవారు మా దగ్గర ఇద్దరున్నారు. `frequency` కాలమ్ లేకుండా మాత్రం ఆ దారి పట్టకండి.